తర్వాత రాసిందే నిజమా? ఆఫ్‌లైన్ యాప్‌ల మీద అపోహలు – వాస్తవాలు

యాప్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లలో, యాప్ చేసే కుర్రాళ్లలో కూడా, ఈ మాట తరచుగా వింటుంటాను: "ఆఫ్‌లైన్‌దేముంది సార్, ఫోన్‌లో దాచుకుని సిగ్నల్ రాగానే పంపేయడమే కదా. ఇద్దరూ మార్చారంటే టైమ్ చూసి తర్వాతది ఉంచేస్తే సరి." నేనూ ఒకప్పుడు అలాగే కట్టి చేతులు కాల్చుకున్నాను. అందుకే ఈ ఒక్కదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతావాటికి రెండు మాటలు చాలు.

అపోహ: మార్చిన టైమ్ updated_at చూసి, ఎవరిది తర్వాతదైతే అది ఉంచితే చాలు

తిరుపతిలో ఆఫీసు పెట్టుకుని డ్రిప్ సర్వీసు చేసేవాళ్లకి పనుల యాప్ ఒకటి చేసిచ్చాను. టెక్నీషియన్లు భాకరాపేట, దామలచెరువు వైపు తోటలకి వెళ్తారు. భాకరాపేట ఘాట్ ఎక్కాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పొద్దున ఆఫీసులోనే ఆ రోజు పనులు ఫోన్‌లోకి దించుకుని, తోటలో రాసుకుని, కిందికి దిగాక పంపడం వాళ్ల పద్ధతి.

ఒక సోమవారం ఏం జరిగిందో చూడండి. పని: ఒక తోటలో డిస్క్ ఫిల్టర్ చూడాలి, మళ్లీ గురువారం వెళ్లాలి. ఉదయం 11:10కి టెక్నీషియన్ తోటలో నిలబడి నోట్ రాశాడు: "ఫిల్టర్ పగిలింది, 2 అంగుళాలది తేవాలి." సిగ్నల్ లేదు. 11:40కి రైతు ఆఫీసుకి ఫోన్ చేశాడు. "గురువారం వద్దమ్మా, మేం కొండకి పోతాండాం, శనివారం రాండి." ఆఫీసులో అక్క వెంటనే తేదీని శనివారానికి మార్చింది. మధ్యాహ్నం 1:15కి ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది, సింక్ అయింది.

నా యాప్ మార్చిన ముక్క ఒక్కటే కాక పని మొత్తాన్ని, అంటే డేటాబేస్ వరుసంతా పంపేది. అందులో కొత్త నోట్ ఉంది, దాంతోపాటు పాత గురువారం కూడా ఉంది. పైగా ఆ ఫోన్ గడియారం ఒక రోజు ముందుంది. ఆ అబ్బాయి ఏదో గేమ్‌లో లైఫ్‌లు అయిపోతే ఆటోమేటిక్ టైమ్ ఆపేసి తేదీని రేపటికి జరిపాడు, వెనక్కి పెట్టడం మరిచాడు. కాబట్టి సర్వర్‌కి అందింది మంగళవారం 11:10. సోమవారం 11:40 కన్నా అది తర్వాతది కదా, మొత్తం వరుసని ఉంచేసింది. తేదీ మళ్లీ గురువారం అయింది.

అక్క చూసుకుని, తానే సేవ్ చేయడం మరిచిందేమో అనుకుని మళ్లీ శనివారం పెట్టింది. సర్వర్ దాన్ని పాతదని చప్పుడు చేయకుండా పారేసింది. తెరమీద మాత్రం సేవ్ అయిందనే చూపింది, రిఫ్రెష్ చేసేదాకా. అలా మూడుసార్లు. గురువారం ఆ అబ్బాయి ఘాట్ ఎక్కి వెళ్తే తోట గేటుకి తాళం. ఆఫీసులో ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నేను మార్చినాను" అని అక్క, "నాకు గురువారమే చూపిండాది" అని ఈయన. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తప్పు నాది.

గడియారం సరిగ్గా ఉంటే ఈ గొడవ ఉండేది కాదంటారు కొందరు. సరే, సరిగ్గానే ఉందనుకుందాం. ఫోన్ టైమ్ 11:10, ఆఫీసుది 11:40. ఆఫీసుది గెలుస్తుంది, తేదీ శనివారమే ఉంటుంది. కానీ ఫిల్టర్ పగిలిందన్న నోట్ పోతుంది, శనివారం ఆయన ఉత్త చేతులతో వెళ్తాడు. ఫోన్ టైమ్ నమ్మకుండా, సర్వర్‌కి చేరిన టైమ్ తీసుకుందామా? అప్పుడు 1:15 గెలుస్తుంది, మళ్లీ గురువారమే. అంటే ఎవరు ఎక్కువసేపు సిగ్నల్ లేకుండా ఉంటే వాళ్లదే పైచేయి. మూడు దారుల్లోనూ ఎవరో ఒకరు రాసింది పోతోంది, ఏ దారిలోనూ ఎర్రర్ రావడం లేదు.

ఎప్పుడు రాశాడన్నది పక్కన పెట్టి, రాసేటప్పుడు ఏం చూసి రాశాడు, ఏది మార్చాడు అన్న రెండూ అడగాలి. ఇప్పుడు నా ఫోన్ యాప్ పంపేది ఇంతే:

```json
{
  "op_id": "5f0c2a9e-8d41-4b7e-9c36-1a2b3c4d5e6f",
  "task_id": "b81d4f3a-2c60-4e19-a7d5-90e1f2a3b4c5",
  "base_version": 7,
  "set": { "note": "ఫిల్టర్ పగిలింది, 2 అంగుళాలది తేవాలి" }
}
```

వెర్షన్ నంబర్ ఇచ్చేది సర్వర్ ఒక్కటే. పనిలో ఏ మార్పు జరిగినా ఒకటి పెరుగుతుంది. నోట్, తేదీ లాంటి గడుల్లో ఏ గడి ఏ వెర్షన్‌లో మారిందో, ఏ ఫోన్ మార్చిందో సర్వర్ రాసి పెట్టుకుంటుంది. ఆ సోమవారాన్నే మళ్లీ నడిపి చూద్దాం. పొద్దున ఫోన్‌లోకి దిగింది 7వ వెర్షన్. అక్క తేదీ మార్చడంతో 8 అయింది, తేదీ గడి పక్కన 8 పడింది. 1:15కి ఫోన్ నుంచి "7 చూసి నోట్ మార్చాను" అని వస్తుంది. నోట్ గడి 7 తర్వాత ఎవరూ ముట్టలేదు. కాబట్టి నోట్ చేరుతుంది, వెర్షన్ 9 అవుతుంది, తేదీ శనివారమే ఉంటుంది. గడియారం ఏ సంవత్సరం చూపిస్తున్నా పర్వాలేదు.

ఇక్కడ నేనే ఒక గుంటలో పడ్డాను. సిగ్నల్ లేనప్పుడు టెక్నీషియన్ ఒకే నోట్‌ని రెండుసార్లు దిద్దాడనుకోండి. రెండూ 7 మీదే రాసినవి. మొదటిది చేరగానే నోట్ గడి 9కి వెళ్తుంది, రెండోది వచ్చేసరికి తన రాతతో తనకే తగువు. మిగిలిన మార్పులన్నిటికీ base_version ని 9 చేసేద్దామనిపిస్తుంది. చేయకండి. 9లో అక్క మార్చిన తేదీ కూడా ఉంది. ఆ తేదీని ఈయన చూడనేలేదు, చూసినట్టు అబద్ధం రాసినట్టవుతుంది. ఆ గడిని చివరగా మార్చింది ఇదే ఫోన్ అయితే తగువు కాదు, ఉంచెయ్యి అని సర్వర్‌కి చెప్పడం సరైన దారి.

ఇక అసలు తగువు: ఇద్దరూ ఒకే గడి మార్చారు. టెక్నీషియన్ "పూర్తయింది" అన్నాడు, అదే సమయంలో ఆఫీసు "రద్దు" చేసింది. దీన్ని కోడ్ తేల్చకూడదు. రైతు దగ్గర డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది ఇందులో ఉంది. నేను రెండు విలువలూ దాచి, ఆ పని మీద పసుపు గుర్తు పెట్టి, "మీరు పూర్తయింది అన్నారు, ఆఫీసు రద్దు చేసింది" అని ఇద్దరికీ చూపిస్తాను. తేల్చే బటన్ మాత్రం ఆఫీసు తెర మీదే ఉంటుంది. ఇలాంటివి చాలా వస్తాయేమోనని భయపడ్డాను కానీ, గడి గడి విడిగా చూడటం మొదలుపెట్టాక రావడమే అరుదైంది.

మీ యాప్‌లో ఈ జబ్బు ఇప్పటికే ఉందేమో చూసుకోవాలంటే, సర్వర్‌కి మార్పు చేరిన టైమ్‌ని received_at లో దాస్తున్నట్లయితే ఇది చాలు:

```sql
SELECT id, updated_at, received_at
FROM tasks
WHERE updated_at > received_at;
```

రాయకముందే చేరిన మార్పు ఉండదు కదా. కొన్ని సెకన్ల తేడా మామూలే. గంటలు, రోజులు కనబడితే ఆ ఫోన్ గడియారం ముందుంది, ఆ పనుల మీద మిగతావాళ్ల మార్పులు ఈపాటికి పోతూ ఉండొచ్చు. ఇది సగమే పట్టిస్తుంది సుమా. గడియారం వెనకబడ్డ ఫోన్ ఇందులో దొరకదు, దాని మార్పులే ఎప్పుడూ ఓడిపోతుంటాయి.

అపోహ: సింక్ కాకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకుంటే సరిపోతుంది

ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు ఓపిక లేదు, విని చేసేవాళ్ల మీద జాలి. పొద్దున్నుంచి తిరిగి రాసిన ఎనిమిది పనులు పంపకుండా ఫోన్‌లోనే ఉన్నాయి. ఎవరో చెప్పారని ఒకాయన యాప్ తీసేశాడు. సాయంత్రం నాకు ఫోన్: "అన్నా, నేను రాసిండేదంతా యాడికి పోయింది?" ఎక్కడికీ పోలేదు, ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు, ఇప్పుడు అక్కడా లేదు. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో తెలియక ముందు టీ తాగమన్నాను.

ఆండ్రాయిడ్‌లో "క్లియర్ క్యాష్" నొక్కితే సరిగా కట్టిన యాప్‌కి ఏమీ కాదు. దాని పక్కనే ఉండే "క్లియర్ స్టోరేజ్", కొన్ని ఫోన్లలో "క్లియర్ డేటా", నొక్కితే డేటాబేస్ తుడిచిపెట్టుకుపోతుంది, పంపాల్సిన మార్పులతో సహా. అందుకే తప్పు వాడేవాళ్ల మీదికి నెట్టకుండా, "ఇంకా 8 పంపాలి" అని అంకె తెరపైన ఎప్పుడూ కనబడేలా పెట్టాను. ఆ అంకె సున్నా కానిదే లాగౌట్ కూడా కానివ్వను. "సింక్ అవుతోంది" అని గిరగిరా తిరిగే చక్రం ఆందోళన పడేవాడికి ఏమీ చెప్పదు, అంకె చెప్తుంది.

అపోహ: జవాబు రాలేదంటే సర్వర్‌కి చేరలేదన్నట్టే

చేరి, పని జరిగి, జవాబు తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోయి ఉండొచ్చు. ఫోన్ మళ్లీ పంపుతుంది, పంపాలి కూడా. స్టాక్‌లోంచి 2 పైపులు తగ్గించమన్న మార్పు రెండుసార్లు చేరితే 4 తగ్గుతాయి. పైన కోడ్‌లో ప్రతి మార్పుకీ విడిగా ఉండే నంబర్ op_id అందుకే. ఒకసారి చూసిన నంబర్ మళ్లీ వస్తే సర్వర్ ఏమీ మార్చకుండా పాత జవాబే ఇస్తుంది. ఆ నంబర్ రాసుకోవడం, పైపులు తగ్గించడం ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అయితే రెండూ కావాలి, లేదంటే ఏదీ కాకూడదు అన్నట్టు జరగాలి. విడివిడిగా చేస్తే మధ్యలో సర్వర్ పడిపోయిన రోజున దొరికిపోతారు.

అపోహ: వేర్వేరు ఫోన్లలో జరిగిన మార్పులని తనంతట తానే కలిపే సీఆర్‌డీటీ లైబ్రరీ పెడితే తగువులే ఉండవు

అన్ని ఫోన్లూ చివరికి ఒకే విలువ దగ్గరికి చేరతాయని అది హామీ ఇస్తుంది. అది మీకు కావాల్సిన విలువ అని కాదు. పూర్తయిందా, రద్దయిందా అన్నది దానికీ తెలియదు. ఇద్దరు కలిసి ఒకే పెద్ద నోట్ రాసే యాప్‌కైతే తప్పకుండా వాడండి.

అపోహ: తీసేసిన పనిని డేటాబేస్‌లోంచి తీసేస్తే అయిపోయింది

వారం తర్వాత సిగ్నల్‌లోకి వచ్చిన ఫోన్‌కి అది తీసేశారని ఎలా తెలుస్తుంది? తన దగ్గరున్నది కొత్తదనుకుని మళ్లీ ఎక్కిస్తుంది. వరుసని ఉంచి, deleted అని గుర్తు పెట్టండి. నేను 90 రోజులు ఉంచుతాను. అంతకన్నా ఎక్కువ రోజులు దూరంగా ఉన్న ఫోన్ ముందు ఇంకా పంపని మార్పులు పంపాలి, ఆ తర్వాతే అన్నీ కొత్తగా దించుకోవాలి. ఈ క్రమం తిరగబడితే పైన చెప్పిన ఎనిమిది పనుల కథే.

ఎవరైనా తమ యాప్ ఆఫ్‌లైన్‌లో బ్రహ్మాండంగా పని చేస్తుందంటే రెండు ఫోన్లు అడుగుతాను. రెంటినీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒకదాని తేదీ రేపటికి మారుస్తాను. ఒకే పనికి దీంట్లో నోట్, దాంట్లో తేదీ మార్చి, రెంటిలోనూ స్టేటస్ వేర్వేరుగా పెడతాను. తేదీ తప్పున్న ఫోన్‌కి ముందు నెట్ ఇస్తాను, అలా పంపనిచ్చి రెండోదానికి ఇస్తాను. తేదీ తప్పుంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని కొన్నిసార్లు కనెక్షనే కుదరదు, అప్పుడు పంపాల్సిన మార్పులు ఫోన్‌లోనే భద్రంగా ఉన్నాయా అని చూస్తాను. కనెక్షన్ కుదిరితే నోట్, కొత్త తేదీ రెండూ ఉండాలి, స్టేటస్ దగ్గర పసుపు గుర్తు రెండు ఫోన్లలోనూ రావాలి. మొన్న ఒక కుర్రాడి యాప్‌లో గుర్తు రెండో ఫోన్‌లోనే వచ్చింది. ముందు పంపిన ఫోన్ తనది గెలిచిందనే అనుకుంటోంది.