న్యూట్రల్ ఊడిన సాయంత్రం ఛార్జర్లకు ఏమైంది?

మే నెలలో ఒక సాయంత్రం గుంటూరులో గాలివాన వెలిశాక కరెంటు వచ్చింది. బ్రాడీపేటలో మేముండే కింది పోర్షన్‌లో ఫ్యాన్ ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది. దేవుడి గూట్లో జీరో బల్బు తెల్లగా వెలిగింది. "ఇవాళ కరెంటు బాగా వస్తోందిరా" అంది అమ్మ. రెండు నిమిషాలకే టీవీ పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కాలిన వాసన వచ్చింది. మెయిన్ కట్టేసేలోపే రెండు ఫోన్ ఛార్జర్లు పోయాయి. అంతలో పై పోర్షన్ పిన్నిగారు మెట్లు దిగొచ్చి, "ఇస్త్రీ పెట్టె వేడెక్కడం లేదు, లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి, మీకూ అంతేనా?" అన్నారు.

ఒకే ఇంట్లో కింద ఎక్కువ, పైన తక్కువ. ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది న్యూట్రల్‌నే.

మా ఇంటికి త్రీఫేజ్ కనెక్షన్ ఉంది. కింది పోర్షన్ ఒక ఫేజ్ మీద, పైది ఇంకో ఫేజ్ మీద నడుస్తాయి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడితే కరెంటు తిరిగి వెళ్లే దారి పోతుంది. అప్పుడు మన ఇంటి సామానులోంచి, పైవాళ్ల సామానులోంచి వరసగా ప్రవహిస్తుంది. అంటే ఆ 400 వోల్టులను రెండు ఇళ్లూ పంచుకోవాలి. ఆ పంపకంలో తక్కువ వాడేవాళ్లకే ఎక్కువ వోల్టేజి పడుతుంది. కింద మా వాడకం 200 వాట్లు, పైన ఇస్త్రీ పెట్టెతో కలిపి 1000 వాట్లు అనుకుంటే లెక్క ప్రకారం మాకు సుమారు 333 వోల్టులు, వాళ్లకు 67 వోల్టులు వస్తాయి.

ఫోన్ ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో INPUT: 100-240V అని ఉంటుంది. కాబట్టి రాత్రిపూట వోల్టేజి 170కి పడిపోయినా దానికి ఇబ్బంది లేదు. దాని కోసం స్టెబిలైజర్ కొనడం వృథా అని నా అభిప్రాయం. ప్రమాదమంతా పైవైపే. ఛార్జర్ లోపల వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చి ఒక కెపాసిటర్‌లో నింపుతారు. 230 వోల్టులు వస్తే అందులో 325 దాకా నిలుస్తుంది. ఆ కెపాసిటర్ తట్టుకునేది సాధారణంగా 400. మాకొచ్చిన 333కి అది 470 దాటింది. రిపేర్ షాపులో ఛార్జర్ విప్పి చూపిస్తే ఆ కెపాసిటర్ అల్యూమినియం టోపీ పూరీలా ఉబ్బి ఉంది.

మా ఎక్స్‌టెన్షన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ ఉంది. అయినా ఎందుకు కాపాడలేదు? దాని పని వేరు. అందులో జింక్ ఆక్సైడ్ బిళ్ల ఒకటి ఉంటుంది. పిడుగు పడ్డప్పుడు లైన్లో వచ్చే, సెకనులో వెయ్యోవంతు కూడా ఉండని దెబ్బను అది మింగేస్తుంది. నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజి దాని వల్ల కాదు, వేడెక్కి తనే కాలిపోతుంది. చాలా బోర్డుల్లో బిళ్ల పోయినా సాకెట్లు పనిచేస్తూనే ఉంటాయి. బిళ్ల బాగుందని చూపే పచ్చ దీపం ఆరిపోతే అది ఇక మామూలు బోర్డే.

స్టెబిలైజర్ పని సర్జ్ ప్రొటెక్టర్‌కు సరిగ్గా వ్యతిరేకం. రిలేతో లోపలి చుట్లు మార్చి వోల్టేజిని సరిచేస్తుంది. ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్లకు అది కావాలి. కానీ ఆ రిలే కదిలేలోపే పిడుగు దెబ్బ దాటిపోతుంది. ఇక మెయిన్ దగ్గరి ఎంసీబీ ఎక్కువ కరెంటు లాగితేనే పడిపోతుంది, వోల్టేజిని చూడదు. న్యూట్రల్ ఊడినప్పుడు ఇల్లంతటినీ కాచేది మెయిన్ బోర్డులో పెట్టే ఓవర్, అండర్ వోల్టేజి కటాఫ్. ఆ వారమే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాం. ఊడిన జాయింటును ఆ రాత్రే లైన్‌మ్యాన్ వచ్చి బిగించాడు.

అప్పుడు బతికిపోయిందనుకున్న ల్యాప్‌టాప్ అడాప్టర్ మూడు వారాల తర్వాత లక్షణాలు చూపించింది. దాని దీపం ఆరి వెలిగి, ఆరి వెలిగి, లోపల టిక్ టిక్ మని చప్పుడు. మొదలుపెట్టబోయి, నిలబడలేక, మళ్లీ మొదలుపెట్టడమన్నమాట. ఫోన్ ఛార్జర్ పాడవుతుంటే ఇంకో రకంగా తెలుస్తుంది: ఛార్జింగ్‌లో ఉండగా స్క్రీన్ మీద వేలు పెట్టిన చోట కాక పక్కన టచ్ పడుతుంది, తీసేయగానే సరిపోతుంది. కెపాసిటర్ ఎండిపోయి, వచ్చే డీసీలో అలలు మిగిలిపోవడం దీనికి ఒక కారణం. అదే ఫోన్‌ను, అదే కేబుల్‌ను వేరే ఛార్జర్‌కు పెట్టి చూస్తే తేలిపోతుంది. గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి ఆనించలేనంత వేడి, పిన్నుల దగ్గర గోధుమరంగు మరక, చేపల వాసన లాంటి ఘాటు కనిపిస్తే స్విచ్ ఆపి దాన్ని తీసేయండి, మళ్లీ పెట్టకండి. విప్పి చూడాలని మాత్రం అనుకోవద్దు: ప్లగ్ తీశాక కూడా ఆ కెపాసిటర్‌లో 300 వోల్టులు కొంతసేపు నిలిచి ఉండొచ్చు.