కొండలుంటే భాషలు పెరుగుతాయా? అయితే మన శేషాచలంలో ఎందుకు పెరగలేదు

కొన్ని చోట్ల అన్ని భాషలు ఎందుకుంటాయి అనే టాపిక్ ఎప్పుడొచ్చినా అందరూ చెప్పే జవాబు ఒకటే, కొండలు అడ్డం ఉంటే ఈ పక్కోళ్ళు ఆ పక్కోళ్ళు కలుసుకోరు, కొన్ని వందల ఏళ్ళకి ఎవరి మాట వాళ్ళది అయిపోతుంది, మైదానంలో అడ్డం లేదు కాబట్టి ఒకే భాష పాకిపోతుంది అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన తిరుపతి వైపే చూడండి, శేషాచలం కొండలకి ఇటు చంద్రగిరి, అటు రాజంపేట, మధ్యలో పెద్ద అడవి, అయినా రెండు పక్కలా తెలుగే. అదే కుప్పం వైపు పోతే అడ్డమే లేని చోట తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే సంతలో వినిపిస్తాయి. అంటే కొండ గోడలాగా పనిచేస్తుంది అనేది ఎక్కడో తేడా కొడతా ఉంది.

ఇది సరిగ్గా అర్థం కావాలంటే పపువా న్యూ గినియా చూడాలి, ఎందుకంటే ప్రపంచంలో ఒక దేశంలో అన్నిటికంటే ఎక్కువ భాషలుండేది అక్కడే. ఆ ఒక్క దేశంలో 800కి పైగా భాషలు, జనాభా చూస్తే మన రాష్ట్రం కంటే చాలా తక్కువ. దేశం మధ్యలో ఎత్తైన కొండలు, అందుకే ఈ కొండల థియరీకి అందరూ ఈ దేశాన్నే ఉదాహరణగా చెప్తారు. కానీ మ్యాపు దగ్గర పెట్టుకుని ఏ భాష ఎక్కడుందో చూస్తే కథ తిరగబడుతుంది. అక్కడ పెద్ద భాషల్లో చాలా వరకు కొండల మీదే ఉండాయి! ఎంగా అనే భాష రెండు లక్షలకి పైగా జనం మాట్లాడతారు, అది పైన ఎత్తు లోయల్లో ఉండే భాష. 1930ల్లో బంగారం వెతుక్కుంటా ఆస్ట్రేలియా వాళ్ళు ఆ లోయల్లోకి పోయేదాకా అక్కడ లక్షల మంది ఉన్నారని బయట ప్రపంచానికి తెలీనే తెలీదు, అంత అడ్డం ఉన్న చోట మాత్రం భాష ముక్కలు ముక్కలు కాలేదు. కిందికి దిగి సెపిక్, రాము నదుల వైపు వస్తే అంతా పల్లం, బురద, నీళ్ళు, పడవేసుకుని ఎక్కడికంటే అక్కడికి పోవచ్చు, అక్కడ చూస్తే 200కి పైగా భాషలు, చాలా వాటికి మాట్లాడేవాళ్ళు కొన్ని వందల మందే.

అడ్డం ఉన్న చోట పెద్ద భాష, అడ్డం లేని చోట చిన్న భాషలు. మరి అసలు కారణం ఏంది?

డేనియల్ నెటిల్ అనే పరిశోధకుడు 1990ల్లో ఒక లెక్క వేశాడు. భాషల సంఖ్యని ఎత్తుపల్లాలతో కాకుండా, సంవత్సరంలో ఎన్ని నెలలు పంట పండుతుందో దాంతో పోల్చాడు. పంట నెల అంటే ఎట్లా తేల్చాలి? దానికి సింపుల్ రూలు, ఆ నెలలో పడిన వాన మిల్లీమీటర్లలో, ఆ నెల సగటు ఉష్ణోగ్రత డిగ్రీలకి రెట్టింపు దాటాలి. సగటు 30 డిగ్రీలుంటే 60 మిల్లీమీటర్లు దాటి పడితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. మన చిత్తూరు జిల్లాలో మార్చి, ఏప్రిల్ నెలలు ఈ పరీక్షలో పాస్ అవ్వవని వేరే చెప్పక్కర్లేదు. న్యూ గినియా, పసిఫిక్ సముద్రంలో ఉండే దీవుల దేశం వనువాటు లాంటి చోట్ల పన్నెండు నెలలకి దాదాపు పన్నెండూ పాస్. సహారా ఎడారి అంచున ఉండే దేశాల్లో పాసయ్యేవి కొన్ని నెలలే. ఈ లెక్క వేస్తే పంట నెలలు ఎక్కువున్న దేశాల్లో భాషలు కూడా ఎక్కువే అని తేలింది.

ఎందుకంటే, ఏడాదంతా తిండి దొరికే చోట ఒక చిన్న ఊరు ఎవరి మీదా ఆధారపడకుండా బతికేయొచ్చు. సెపిక్ వైపు సాగో చెట్టు ఉంటుంది, ఒక పెద్ద చెట్టు నరికితే కాండంలోంచి వంద కిలోలకి పైగా పిండి వస్తుంది (సగ్గుబియ్యం అసలు పుట్టింది దాంట్లోనే, మనకి అంగళ్ళలో అమ్మేది కర్రపెండలం పిండితో చేసింది). ఏటిలో చేపలు, వెనకాల సాగో, ఇంక పక్క ఊరి సాయం ఏం కావాలి. అదే వాన నమ్మకం లేని చోట అట్లా కుదరదు, ఒక ఏడు కరువొస్తే గొడ్లు తోలుకుని దూరం పోవాలి, అక్కడ తెలిసినవాళ్ళు ఉండాలి, చుట్టరికం కలుపుకోవాలి, సంతలకి పోవాలి, గింజలు అప్పు తెచ్చుకోవాలి. రాయలసీమ వాళ్ళకి ఇది ఎవరూ నేర్పించక్కర్లేదు. అంత దూరం సంబంధాలు నిలబడాలంటే మాట కలవాలి కదా, అట్లా భాష పెద్దదవుతుంది. 2019లో ప్రపంచం మొత్తం డేటాతో ఇంకో టీం ఈ రెండు కారణాల్నీ ఎదురెదురుగా పెట్టి చూస్తే, కొండల ఎత్తు, నదులు లాంటి అడ్డాల కంటే వాతావరణం ప్రభావమే చాలా ఎక్కువ అని తేలింది. అడ్డాల పాత్ర అస్సలు లేదని కాదు, తక్కువ అంతే.

అయితే వాన ఉంటే చాలు భాషలు పుడతాయి అనుకుంటే జావా దీవి దగ్గర దెబ్బ తింటాం. అదీ దీవే, అగ్నిపర్వతాలున్నాయి, వానలున్నాయి, మట్టి బంగారం లాంటిది. కానీ జావా భాష ఒక్కటే ఎనిమిది కోట్ల మందికి దగ్గర్లో మాట్లాడతారు, దాంతో పాటు ఇంకో రెండు మూడు పెద్ద భాషలు, అంతే. తేడా ఏందంటే అక్కడ వరి పండించారు, వరి నిలవుంటుంది, నిలవుండే దాని మీద పన్ను వెయ్యొచ్చు, పన్నుతో రాజ్యాలొచ్చాయి. న్యూ గినియాలో దుంపలు, సాగో, వాటి మీద పన్ను వసూలు చేసి సైన్యం పెట్టిన రాజెవడూ లేడు. నా ఉద్దేశంలో మన శేషాచలానికి కూడా జవాబు సగం ఇక్కడే ఉంది. కరువు సీమ ఒకటి, దాని మీద విజయనగరం, చంద్రగిరి కోట, దానికి తోడు కొండ మీదికి నాలుగు దిక్కుల నుంచీ జనం వచ్చే గుడి. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో, మిగతావి తెలుగు, కన్నడ లాంటి భాషల్లో ఉన్నాయి, అంటే ఆ కొండ జనాన్ని విడదియ్యలేదు, కలిపింది.

ఇంకో సంగతి. వనువాటులో జనం అడుగు పెట్టి 3,000 ఏళ్ళు అయింది, వచ్చినవాళ్ళు దాదాపు ఒకే భాషతో వచ్చారు, ఇప్పుడు మూడు లక్షల మంది చిల్లర జనాభాకి వందకి పైగా భాషలు. వాళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా ఏం లేరు, పిల్లనిచ్చి పుచ్చుకుంటారు, పక్క ఊరి భాష కూడా మాట్లాడతారు. మన కుప్పంలో మూడు భాషలు వచ్చినవాడు తన ఇంటి భాష వదులుకోనక్కర్లేదు కదా, అక్కడా అంతే. పైగా మేం వేరే అని చూపించుకోవడానికి కావాలని మార్చుకున్నట్టు కనిపించే కేసులూ ఉండాయి. బూగన్‌విల్ దీవిలో బుయిన్ అనే భాష ఉంది, ఆ భాషలో ఉయిసాయి యాసలో మాత్రం పదాలకి ఉండే ఆడ మగ గుర్తులు మొత్తం తారుమారు, మిగతా ఊళ్ళల్లో మగ లెక్కలో ఉన్నవన్నీ వీళ్ళకి ఆడ, ఆడవన్నీ మగ. డాన్ లేకాక్ అనే భాషావేత్త దీన్ని రికార్డ్ చేశాడు. మాట మెల్లగా అరిగిపోయి మారితే అక్కడొకటి ఇక్కడొకటి మారుతుంది గానీ ఇట్లా అన్నీ ఒకేసారి అటూ ఇటూ అవ్వడం కష్టం, అందుకే ఇది తెలిసి చేసిన పనే అని ఆయన అనుకున్నాడు.

అడ్డం ఎంతున్నా భాష పోవడం కూడా జరుగుతుంది. సెపిక్ నది చివర్లో గాపున్ అని ఒక ఊరు, చుట్టూ బురద, రోడ్డు లేదు, తాయాప్ అనే వాళ్ళ భాషకి ప్రపంచంలో ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు. ఎప్పుడూ కొన్ని వందల మంది కంటే ఎక్కువ మాట్లాడని భాష, అయినా అన్నేళ్ళు బతికింది. 1980ల్లో డాన్ కులిక్ అనే పరిశోధకుడు పోయి ఆ ఊళ్ళో ఉండి చూస్తే, పిల్లలు టోక్ పిసిన్ మాత్రమే మాట్లాడుతున్నారు, అది తోటల్లో కూలికి పోయిన మగవాళ్ళు నేర్చుకుని తెచ్చిన భాష, చర్చి కూడా దాంట్లోనే. తల్లిదండ్రులని అడిగితే మేమేం మాన్పించలేదు, పిల్లలే మాట్లాడరు అన్నారు. ఇప్పుడు తాయాప్ మాట్లాడేవాళ్ళు యాభై మంది లోపే, ఊరికి రోడ్డు మాత్రం ఇంకా పడలేదు.