ఆ రెండున్నర నిమిషాల వెనుక కథ

పది నిమిషాల డెలివరీ మీద వాదన మళ్ళీ రాజుకుంది. 2025 డిసెంబరు 31న డెలివరీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ పిలుపు ఇచ్చినవారిలో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ కూడా ఉంది. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్సుఖ్ మాండవీయ జోక్యం చేసుకున్నాక బ్లింకిట్ తన ప్రచారంలోంచి 'పది నిమిషాలు' అన్న మాట తీసేసింది. ఈ మధ్యలోనే దాని మాతృసంస్థ ఎటర్నల్ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ ఒక లెక్క చెప్పారు. ఆర్డరు వచ్చాక సరుకులు ఏరి సంచిలో పెట్టడానికి రెండున్నర నిమిషాలు, ఆ తర్వాత సగటున రెండు కిలోమీటర్లలోపు దూరానికి ఎనిమిది నిమిషాలు. అంటే గంటకు పదిహేను కిలోమీటర్ల వేగమే కదా, ఇందులో ప్రమాదం ఎక్కడుందన్నది ఆయన వాదన.

అప్పటినుంచి చర్చ అంతా ఆ ఎనిమిది నిమిషాల చుట్టూనే తిరుగుతోంది. మొదటి రెండున్నర నిమిషాల గురించి ఎవరూ అడగలేదు. ఈ వివాదానికి మూలం అక్కడే ఉంది.

ఇంటర్నెట్ కిరాణా ఎలా పుట్టింది, అమెరికాలో వెబ్‌వాన్ ఎలా మునిగింది, మన దగ్గర బిగ్‌బాస్కెట్ ఎలా నిలదొక్కుకుంది అన్నవి చాలాసార్లు రాసిన సంగతులే. నేరుగా గోదాములోకి వెళదాం. అక్కడ మూడు మాటలు వినిపిస్తాయి: బ్యాచ్, జోన్, వేవ్. ఈ మూడూ ఒకదానికొకటి పోటీ అన్నట్టు, ఏది మంచిదో తేల్చాలన్నట్టు చాలామంది మాట్లాడతారు. నిజానికి అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒక్క నడకలో ఎన్ని ఆర్డర్లకు సరుకు ఏరాలి అన్నది బ్యాచ్. సరుకు ఏరే మనిషి గోదామంతా తిరగాలా, తన వరుసల్లోనే ఉండాలా అన్నది జోన్. వచ్చిన ఆర్డర్లను ఎప్పటికప్పుడు పనిలోకి వదలాలా, ఆపి ఒక్కసారిగా వదలాలా అన్నది వేవ్. మూడో ప్రశ్నకు ఇచ్చే జవాబు మీదే మొదటి దాని జవాబు ఆధారపడుతుంది. అసలు కీలకం అదే.

స్లాట్ల కాలం గుర్తు చేసుకోండి. రేపు ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య సరుకులు కావాలని రాత్రే ఆర్డరు పెట్టేవాళ్ళం. ఫలానా గంటకు ఆర్డర్లు తీసుకోవడం ఆగిపోయేది. తెల్లవారుజామున బయలుదేరే వ్యాన్లలో దేనికి ఏ ఆర్డర్లో అప్పటికే తేలిపోయేది. ఆ వ్యాను బయలుదేరే సమయం నుంచి వెనక్కి లెక్కగట్టి దాని ఆర్డర్లన్నీ ఒకేసారి పనిలోకి వదిలేవారు. వేవ్ అంటే ఇంతే. ముందు కావలసినన్ని ఆర్డర్లు చేతిలో ఉన్నాయి కాబట్టి వాటిని బ్యాచ్‌లుగా కట్టడం సులువు.

దీనివల్ల ఎంత కలిసొచ్చేదో ఒక ఉదాహరణతో చూద్దాం. పన్నెండు వరుసల గోదాము. అన్ని వరుసలూ ఒకసారి చుట్టి రావాలంటే మూడు వందల మీటర్లు. ట్రాలీ తోసుకుంటూ సెకనుకు ఒక మీటరు నడుస్తారనుకుందాం. ఒక ఆర్డరులో ఆరు వస్తువులు. ఒక్క ఆర్డరు కోసమే వెళితే దాదాపు నూట యాభై మీటర్ల నడక, ఒక్కో వస్తువు వెతికి స్కాన్ చేసి తీయడానికి పది సెకన్లు, మొదట్లోనూ చివర్లోనూ అప్పగింతలకు అర నిమిషం. మొత్తం నాలుగు నిమిషాలు. పది ఆర్డర్లయితే నలభై నిమిషాలు.

ఇప్పుడు అదే మనిషి ట్రాలీ మీద పది క్రేట్లు పెట్టుకుని ఒక్క చుట్టు తిరిగాడనుకోండి. నడక మూడు వందల మీటర్లు, అంటే ఐదు నిమిషాలు. వస్తువులు అరవై. ప్రతి వస్తువునూ సరైన క్రేటులో వేయడానికి నాలుగు సెకన్లు అదనం, అంటే వస్తువుకు పద్నాలుగు సెకన్లు. క్రేట్లకు స్టిక్కర్లు అంటించి సిద్ధం చేయడానికి మూడు నిమిషాలు. అంతా కలిపితే ఇరవై రెండు నిమిషాలు. నలభై నిమిషాల శ్రమ దాదాపు సగానికి తగ్గింది. తగ్గింది నడక. మనిషి చేతులు ముందుకంటే వేగంగా ఏమీ కదలలేదు.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. అది తప్పుల రూపంలో కనిపిస్తుంది. నగర శివార్లలోని ఒక గోదాములో అలాంటి ట్రాలీ వెంట నేను ఒక చుట్టు నడిచాను. కందిపప్పు ప్యాకెట్లు మూడు తీశాడు ఆ కుర్రాడు. రెండో క్రేటులో ఒకటి, ఐదులో ఒకటి, తొమ్మిదిలో ఒకటి పడాలి. ఎనిమిదో క్రేటులో వేసి, రెండడుగులు వేశాక ఆగి, వెనక్కి తీసి తొమ్మిదిలో వేశాడు. గమనించకపోతే ఒక ఇంటికి అడగని కందిపప్పు వెళ్ళేది, మరో ఇంటికి అడిగినది వెళ్ళేది కాదు. బ్యాచ్ తప్పులు ఇలా జంటగా వస్తాయి. ఒకే ట్రాలీలో వెళ్ళిన రెండు ఆర్డర్ల నుంచి ఒకటి తక్కువని, ఒకటి ఎక్కువని ఫిర్యాదు వచ్చిందంటే లోపం క్రేటులో వేసేచోట ఉన్నట్టే. వస్తువుతోపాటు క్రేటునూ స్కాన్ చేయిస్తే ఇది చాలావరకు ఆగుతుంది. కాకపోతే ప్రతి వస్తువుకూ ఇంకో రెండు సెకన్లు పోతాయి. ఐస్‌క్రీమును ఇరవై రెండు నిమిషాల చుట్టులో తిప్పలేరు కాబట్టి గడ్డకట్టిన సరుకు చివర్లో, విడిగా ఏరాలి.

ఇక మలుపు 2021లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో, అప్పటికింకా గ్రోఫర్స్ అన్న పేరుతోనే ఉన్న బ్లింకిట్, పది నిమిషాల హామీని సమర్థించుకుంటూ చెప్పిన అంకె కూడా ఇదే: చాలా స్టోర్లలో రెండున్నర నిమిషాల్లోపు ప్యాకింగు. డిసెంబరులో పేరు మారింది. అదే ఏడాది జెప్టో రంగంలోకి దిగింది. అందరూ దీన్ని వేగం పెరగడంగా చూశారు. గోదాము లోపలి నుంచి చూస్తే జరిగింది వేరు. స్లాటు పోయింది. స్లాటుతో పాటు ఆర్డర్లను ఆపి ఉంచే హక్కు పోయింది. ఆపలేనప్పుడు వేవ్ లేదు. వేవ్ లేనప్పుడు బ్యాచ్ కట్టడానికి చేతిలో ఆర్డర్లు లేవు.

పైన చెప్పిన గోదాములోనే నిమిషానికి ఒక ఆర్డరు వస్తోందనుకుందాం. పది కూడేదాకా ఆగితే మొదటి ఆర్డరు తొమ్మిది నిమిషాలు ఊరికే కూర్చుని, ఆపై ఇరవై రెండు నిమిషాలు ట్రాలీ మీద తిరిగి, ముప్ఫై ఒకటో నిమిషంలో గుమ్మం దాటుతుంది. నాలుగే కలిపినా మూడు నిమిషాల నిరీక్షణ, పదకొండు నిమిషాల చుట్టు, మొత్తం పద్నాలుగు. పది నిమిషాల హామీలో దేనికీ చోటు లేదు. మిగిలిన దారి ఒక్కటే. ఒక ఆర్డరు, ఒక మనిషి. నడక మిగిలించే బ్యాచ్ చేజారింది కాబట్టి గోదామునే చిన్నది చేయాలి. కస్టమర్లు అడుగుపెట్టని చిన్న గోదాము, అంటే మన దగ్గరి డార్క్ స్టోరు, ఈ అవసరంలోంచి పుట్టిందే. మూడు నాలుగు వేల చదరపు అడుగుల్లో, తరచూ అమ్ముడయ్యేవి గుమ్మం దగ్గరి ర్యాకుల్లో పెట్టి, కూరగాయలు ముందే తూచి ప్యాకెట్లు కట్టి ఉంచితే, నాలుగు వస్తువుల ఆర్డరుకు నలభై యాభై మీటర్ల నడక సరిపోతుంది. ఆ లెక్కన రెండున్నర నిమిషాలు సాధ్యమే. కంపెనీ అబద్ధం చెప్పడం లేదు.

జోన్‌తో ఈ ఇబ్బంది తీరదా అని అడిగేవారున్నారు. ఒకరు పాలు పెరుగుల దగ్గర, ఒకరు కూరగాయల దగ్గర, ఒకరు పప్పులూ బిస్కెట్ల దగ్గర నిలబడితే ఎవరూ ఎక్కువ నడవనక్కర్లేదు. పెద్ద గోదాములో ఇది చక్కగా పనిచేస్తుంది. చల్లగదిలోకి ప్రతివారూ వెళ్ళి రావడం తప్పుతుంది కూడా. కానీ మూడు చోట్ల ఏరిన ముక్కలు ఒకచోట కలవాలి. ఉదయం ఏడింటికి అందరికీ పాలు, పెరుగు, కొత్తిమీర కావాలి. చల్లగది మనిషికి ఊపిరి సలపదు, బిస్కెట్ల దగ్గరి మనిషి ఖాళీగా ఉంటాడు. సరుకులు కలిపే ర్యాకు దగ్గరికి వెళ్ళి చూస్తే చాలు. సగం నిండిన సంచులు వరుసగా ఒకే జోన్ కోసం ఎదురుచూస్తుంటే ఆ జోన్‌కు మనుషులు చాలడం లేదన్నమాట. రెండున్నర నిమిషాల్లో ఆ ఎదురుచూపుకూ చోటు లేదు.

కాబట్టి రెండున్నర నిమిషాలు సగటున నిజమైనా, రద్దీలో ఏమవుతుందన్నదే ప్రశ్న. వానపడే సాయంత్రం సరుకులు ఏరే పికర్లు నలుగురే ఉన్న స్టోరుకు ఒకే నిమిషంలో పది ఆర్డర్లు వచ్చాయనుకోండి. మొదటి నాలుగూ రెండున్నర నిమిషాలకు, తర్వాతి నాలుగు ఐదుకు, చివరి రెండూ ఏడున్నరకు సిద్ధమవుతాయి. ఏరే పని ప్రతిసారీ రెండున్నర నిమిషాల్లోనే పూర్తయింది, అయినా చివరి సంచి గుమ్మం దాటేసరికి కస్టమరుకు చెప్పిన గడువులో మిగిలింది రెండున్నర నిమిషాలే. స్లాట్ల కాలంలో ఇలాంటి ఒత్తిడిని వేవ్ మింగేసేది. ఇప్పుడు మింగడానికి లోపల ఏమీ లేదు. గుమ్మం బయట బండి మీద ఉన్నవాడే మిగిలాడు.

రైడరు ఫోనులో టైమరు ఉండదని, ఆలస్యానికి జరిమానా లేదని కంపెనీలు అంటున్నాయి. అయితే గుమ్మం దగ్గర ఎదురుచూసినంతసేపూ ఆ రైడరు సంపాదన ఆగిపోతుంది. ఆర్డరుకింత అని లెక్కగట్టి ఇచ్చేచోట, లోపల పోయిన ఐదు నిమిషాలను రోడ్డు మీద రాబట్టుకోవాలని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకో ఇద్దరు పికర్లను పెడితే చివరి రెండు సంచులూ ఐదు నిమిషాలకే వచ్చేవి. కానీ మధ్యాహ్నం మూడింటికి వాళ్ళకు పని ఉండదు, జీతం మాత్రం ఇవ్వాలి. బ్యాచ్ లేని గోదాములో ఆ ఖర్చు తప్పదు. దాన్ని ఎవరు భరించాలన్నదే సమ్మెలో అసలు ప్రశ్న.

వేవ్ పూర్తిగా కనుమరుగు కాలేదు. అది ఒక మెట్టు వెనక్కి జరిగింది. డార్క్ స్టోర్లకు సరుకు పంపే నగర శివార్లలోని పెద్ద గోదాముల్లో లారీ బయలుదేరే గంటను బట్టి ఇప్పటికీ పని వదులుతారు, ఒక చుట్టులో చాలా స్టోర్లకు ఏరుతారు. అక్కడ ఆర్డరు పెట్టేది స్టోరు. స్టోరుకు కొన్ని గంటలు ఆగే ఓపిక ఉంది.

ప్రచారంలోంచి పది నిమిషాలు పోయాక డార్క్ స్టోరు లోపల ఏమైనా మారిందా అని తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. హామీ ఇరవై ఐదు నిమిషాలకు నిజంగా సడలితే పద్నాలుగు నిమిషాల లెక్క పనికొస్తుంది, నాలుగేసి ఆర్డర్లు కలపడం మొదలవుతుంది. పికరు చేతిలో ఒకే సంచి ఉందా, ముందు నాలుగు క్రేట్ల ట్రాలీ ఉందా చూడండి.