తెల్ల చాక్లెట్ చాక్లెటేనా? ఒక పేరు వెనుక నడిచిన తగాదా

తెల్ల చాక్లెట్ ప్రస్తావన రాగానే ఎవరో ఒకరు "అది చాక్లెట్టే కాదు, అందులో కోకో ఏమీ ఉండదు" అని తేల్చి చెప్పేస్తారు. ఒకే మాటలా వినిపించే ఈ తీర్పులో నిజానికి రెండు వాదాలు కలిసిపోయి ఉన్నాయి. కోకో ఏమీ ఉండదన్న మాట తప్పు. చాక్లెట్టే కాదన్న మాట మాత్రం ఎవరి చట్టాన్ని, ఏ కాలపు చట్టాన్ని ప్రమాణంగా తీసుకుంటామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. పశ్చిమ ఐరోపాలో చాలా కాలంగా చాక్లెట్ గానే చలామణీ అయిన ఈ పదార్థానికి అమెరికాలో 2002 వరకు ఆ పేరుతో సొంత చట్టపరమైన నిర్వచనమే లేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు కోకో గింజ లోపల ఏముందో చూడాలి.

కోకో గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసేస్తే మిగిలే పలుకుల్లో సగానికి కాస్త ఎక్కువ భాగం కొవ్వే ఉంటుంది. ఈ పలుకులను నూరితే రాపిడి వేడికి కొవ్వు కరిగి మొత్తం ముదురు గోధుమరంగు చిక్కటి ద్రవంగా మారుతుంది. దీన్ని కోకో మాస్ అంటారు. అమెరికా చట్టంలో దీని పేరు చాక్లెట్ లిక్కర్. మద్యంతో దీనికి ఏ సంబంధమూ లేదు. దీన్ని గట్టిగా పిండితే రెండు భాగాలుగా విడిపోతుంది. కారిపోయే లేత పసుపు కొవ్వు కోకో బటర్. మిగిలిపోయే గట్టి పిండిని పొడి చేస్తే వచ్చేది కోకో పొడి. చాక్లెట్ నలుపు, చేదు, వగరు, కెఫీన్‌ను పోలిన థియోబ్రోమిన్ అనే పదార్థం, కొద్దిపాటి కెఫీన్ దాదాపు పూర్తిగా ఈ పిండిలోనే ఉండిపోతాయి, ఎందుకంటే అవి కొవ్వులో తేలిగ్గా కరిగే రకం కావు. కోకో బటర్‌తో పాటు వెళ్లేది కొంత సువాసన, దానితోపాటు నోటిలో పెట్టగానే కరిగిపోయే ఆ గుణం.

ఈ రెండింటినీ పెద్ద ఎత్తున విడదీయడం 19వ శతాబ్దంలో సాధ్యమైంది. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం కోకో మాస్ నుంచి కొవ్వును పిండే పద్ధతికి పేటెంటు పొందింది. వారికి కావలసింది కొవ్వు కాదు, వేడి పాలలోనో నీళ్లలోనో తేలిగ్గా కలిసే కోకో పొడి. అప్పట్లో చాక్లెట్ అంటే ప్రధానంగా తాగే పానీయం. పైన నూనెలా తేలే కొవ్వును వదిలించుకోవడమే వారి లక్ష్యం. అలా పక్కకు వచ్చిన కొవ్వుకు కొత్త ఉపయోగం 1847లో దొరికింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై సంస్థ కోకో మాస్‌కు చక్కెరతో పాటు అదనంగా కోకో బటర్ కలిపి, అచ్చుల్లో పోసి, కొరికి తినే చాక్లెట్ బిళ్లలు తయారు చేసింది. 1875లో స్విట్జర్లాండ్‌లో డేనియల్ పీటర్ పాలను కూడా కలపగలిగాడు. అంటే ఈనాటి చాక్లెట్ బార్ గింజను యథాతథంగా నూరిన ముద్ద కాదు. గింజలోని భాగాల పాళ్లను మనుషులు తమకు నచ్చినట్టు మార్చుకోగా పుట్టిన వస్తువు. తెల్ల చాక్లెట్‌ను వంశం తప్పిన బిడ్డగా చూసేవారు ఈ సంగతిని తరచుగా మరిచిపోతారని నాకు అనిపిస్తుంది.

ఆ మార్పుల వరసలో చివరి మెట్టు తెల్ల చాక్లెట్. కోకో బటర్, చక్కెర, పాలపొడి ఉంచి, కోకో పిండిని పూర్తిగా తీసేస్తే వచ్చేది అదే. విస్తృతంగా అమ్ముడైన తొలి తెల్ల చాక్లెట్‌గా సాధారణంగా చెప్పేది నెస్లే సంస్థ 1930ల మధ్యలో ఐరోపాలో ప్రవేశపెట్టిన దాన్నే. అది ఐరోపాలోని పలు దేశాల్లో గలాక్ పేరుతో, బ్రిటన్‌లో మిల్కీబార్ పేరుతో స్థిరపడింది.

ఇక అసలు గందరగోళానికి మూలం "కోకో సాలిడ్స్" అనే మాట. చాలామంది దీన్ని గోధుమరంగు పిండి అనే అర్థంలో వాడతారు. ఆ లెక్కన తెల్ల చాక్లెట్‌లో కోకో సాలిడ్స్ సున్నా. ఐరోపా చట్టం మాత్రం "మొత్తం పొడి కోకో పదార్థం" అన్నప్పుడు కొవ్వును కూడా కలిపి లెక్కిస్తుంది. కొవ్వు లేని భాగాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు "కొవ్వు లేని పొడి కోకో పదార్థం" అని విడిగా పేర్కొంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర కోకో బటర్ గట్టిగానే ఉంటుంది కాబట్టి, దాన్ని ఘనపదార్థం కాదనడం భాషాపరంగా కూడా కాస్త విచిత్రమే. ఒకరు మొదటి అర్థంలోనూ మరొకరు రెండో అర్థంలోనూ మాట్లాడుకుంటూ పోతే వాదన ఎన్నటికీ తెగదు.

ఒక 100 గ్రాముల బిళ్లను విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. తెల్ల చాక్లెట్‌కు మామూలుగా సరిపోయే ఒక పాళ్ల లెక్క తీసుకుందాం: చక్కెర 43 గ్రాములు, కోకో బటర్ 27, వెన్న తీయని పాలపొడి 23, వెన్న తీసిన పాలపొడి 6.5, మిగిలిన అర గ్రాము లెసిథిన్, వెనిలా. ఇందులో గింజ నుంచి వచ్చింది 27 గ్రాములు. కోకో పిండి ఏమీ లేదు. దీని పక్కన 70 శాతం కోకో ఉన్న నల్ల చాక్లెట్ బిళ్లను పెట్టండి. అది 65 గ్రాముల కోకో మాస్, 5 గ్రాముల అదనపు కోకో బటర్‌తో తయారైందనుకుంటే, మాస్‌లోని సుమారు 35 గ్రాముల కొవ్వుతో కలిపి దానిలో కోకో బటర్ దాదాపు 40 గ్రాములు ఉంటుంది; గోధుమరంగు పిండి 30 గ్రాములు. కోకో బటర్ అనగానే తెల్ల చాక్లెట్ గుర్తుకొస్తుంది గానీ, ఈ లెక్కలో అది నల్ల చాక్లెట్‌లోనే ఎక్కువ.

నాకు ఇంకా ఆసక్తిగా తోచేది పాల చాక్లెట్‌తో పోలిక. ఐరోపా నిబంధనల ప్రకారం పాల చాక్లెట్‌లో కొవ్వు లేని కోకో పదార్థం కనీసం 2.5 శాతం ఉంటే చాలు. అంటే 100 గ్రాముల బిళ్లలో రెండున్నర గ్రాముల గోధుమరంగు పిండి ఉన్నదాన్ని ఎవరూ ప్రశ్నించరు, ఆ రెండున్నర గ్రాములు లేనిదాన్ని మాత్రం చాక్లెట్ కాదంటారు. రుచిలో, రంగులో ఆ కొద్ది పిండి తెచ్చే మార్పు పెద్దదే, కాదనను. కానీ పరిమాణం రీత్యా చూస్తే గొడవంతా అంత చిన్న గీత మీద నడుస్తోంది.

అమెరికా చట్టం ఆ గీతను చాలా కాలం కఠినంగా కాపాడింది. 1940లలో రూపొందిన అక్కడి చాక్లెట్ ప్రమాణాలు చాక్లెట్ లిక్కర్ చుట్టూ అల్లుకున్నవి. పాల చాక్లెట్‌లో అది కనీసం 10 శాతం, స్వీట్ చాక్లెట్‌లో 15 శాతం ఉండాలి. కోకో బటర్ మాత్రమే ఉన్న బిళ్లలో లిక్కర్ లేదు కాబట్టి అది ఏ నిర్వచనంలోనూ ఇమడలేదు. కోకో బటర్‌తో నిజాయితీగా తయారు చేసినవారు కూడా దాన్ని చాక్లెట్ అని పిలవలేక ఏవో ఇతర పేర్లు వెతుక్కోవలసి వచ్చింది. 1990లలో కొందరు తయారీదారులు తాత్కాలిక అనుమతులు తీసుకుని "వైట్ చాక్లెట్" అనే పేరుతో పరీక్షార్థం అమ్మారు. హెర్షీ సంస్థ, చాక్లెట్ తయారీదారుల సంఘం ప్రత్యేక ప్రమాణం కావాలని ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు విజ్ఞప్తులు పెట్టుకున్నాయి. ఆ సంస్థ 1997లో ముసాయిదా ప్రకటించి, 2002 అక్టోబరులో తుది నిబంధన జారీ చేసింది. 2004 జనవరి 1 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది.

ఆ నిబంధన ప్రకారం తెల్ల చాక్లెట్‌లో కోకో కొవ్వు కనీసం 20 శాతం, పాల ఘనపదార్థాలు కనీసం 14 శాతం, వాటిలో పాల కొవ్వు కనీసం 3.5 శాతం ఉండాలి, చక్కెర వంటి తీపి పదార్థాలు 55 శాతం మించకూడదు, రంగులు కలపకూడదు. పైన చెప్పిన మన 100 గ్రాముల బిళ్ల ఈ పరీక్షలన్నింటినీ దాటుతుంది, ఎందుకంటే 23 గ్రాముల పాలపొడి నుంచే సుమారు 6 గ్రాముల పాల కొవ్వు వస్తుంది. లిక్కర్ అనే మాట ఈ నిర్వచనంలో ఎక్కడా లేకపోవడమే దీనిలోని అసలు మలుపు. చాక్లెట్ అనే పేరుకు అర్హత గింజలోని కొవ్వు ఒక్కదానితో కూడా వస్తుందని అమెరికా చట్టం ఒప్పుకున్న సందర్భం ఇది.

ఐరోపాలో ఈ మలుపు అవసరమే రాలేదు. 1973 నాటి ఉమ్మడి మార్కెట్ ఆదేశంలోనే తెల్ల చాక్లెట్‌కు స్థానం ఉంది. 2000 సంవత్సరపు కొత్త ఆదేశం కూడా అదే 20, 14, 3.5 శాతాల కనీస పాళ్లను కొనసాగించింది. అక్కడ తగవు మరో రూపంలో వచ్చింది. కోకో బటర్ బదులు ఇతర వృక్షసంబంధ కొవ్వులు కలపవచ్చా అన్నది బ్రిటన్ వంటి దేశాలకూ బెల్జియం, ఫ్రాన్స్ వంటి దేశాలకూ మధ్య ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్న. చివరికి 2000 ఆదేశం తాటి నూనె, షియా, సాల్ గింజ, మామిడి టెంక జీడి వంటి ఆరు రకాల కొవ్వులను 5 శాతం వరకు అనుమతించింది. అయితే వాటివల్ల కోకో బటర్ కనీస పాలు తగ్గకూడదు, పొట్లం మీద వాటి సంగతి స్పష్టంగా రాయాలి. అమెరికా ప్రమాణం తెల్ల చాక్లెట్‌లో ఈ వెసులుబాటు ఇవ్వదు.

కొనేవారికి నిజంగా పనికొచ్చే గీత కూడా ఇక్కడే ఉంది. కోకో బటర్ బదులు గట్టిపరచిన తాటి గింజల నూనెతో చేసిన తెల్లటి బిళ్లలు, పూతలు బజారులో చాలా ఉన్నాయి. "చాక్లెట్" అనే మాట లేకుండా తెల్ల పూత, తెల్ల చిప్స్ వంటి పేర్లతో ఉండేవి సాధారణంగా ఇవే. రంగు చూసి కనిపెట్టవచ్చని కొందరంటారు: కోకో బటర్ ఉన్నది ఏనుగు దంతపు రంగులో, లేనిది సున్నంలా తెల్లగా ఉంటుందని. కొంతవరకు ఇది నిజమే గానీ, ఆవిరితో వాసన తీసిన లేత కోకో బటర్ వాడినప్పుడు తేడా చెరిగిపోతుంది. నోటిలో కరిగే తీరు కూడా నమ్మదగ్గ గుర్తు కాదు. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే శరీర ఉష్ణోగ్రతకు కాస్త దిగువన కరుగుతుంది. ప్రత్యామ్నాయ కొవ్వులను కూడా ఆ వేడి దగ్గరే కరిగేలా ఉద్దేశపూర్వకంగా తయారు చేస్తారు. అందువల్ల చూడవలసింది పదార్థాల జాబితానే. చక్కెర తర్వాత కోకో బటర్ కనిపిస్తే అది గింజ నుంచి వచ్చిన తెల్ల చాక్లెట్. ఆ స్థానంలో తాటి గింజల నూనె ఉండి, కోకో బటర్ ఎక్కడా లేకపోతే, "అందులో కోకో ఏమీ ఉండదు" అన్న మాట ఆ పొట్లం విషయంలో మాత్రం అక్షరాలా నిజం.