తగ్గని కొమ్ము

ఉన్నట్టుండి −1 నుంచి +1కి ఎగిరి, కాసేపు చదునుగా సాగి, మళ్లీ ఒక్కసారిగా −1కి పడిపోయే తరంగాన్ని స్క్వేర్ వేవ్ అంటారు. మూలలన్నీ పదునే. అయినా నున్నగా ఊగే సైన్ తరంగాలను కలుపుకుంటూ పోతే ఇది తయారవుతుందని ఫూరియే శ్రేణి చెబుతుంది:

f(x) = (4/π)(sin x + sin 3x/3 + sin 5x/5 + …)

పదాలు పెరిగేకొద్దీ గీత మరింత చదునవుతుంది, మెట్టు మరింత నిటారవుతుంది. కానీ మెట్టు ఎక్కగానే గీత 1 దగ్గర ఆగకుండా కాస్త పైకి పోయి దిగుతుంది. ఈ ఎగుడును కొమ్ము అందాం. ఇంకొన్ని పదాలు కలిపితే అదీ అణిగిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

n పదాలు కలిపినప్పుడు ఆ గీత వాలు sin 2nx / sin x కు అనుపాతంలో ఉంటుంది. అది మొదటిసారి సున్నా అయ్యే చోటే కొమ్ము కొన, అంటే మెట్టు నుంచి 90/n డిగ్రీల దూరంలో. ఒక్క పదమే ఉంటే కొన 90° దగ్గర, ఎత్తు 4/π, అంటే 1.273. రెండు పదాలతో కొన 45° దగ్గరికి వస్తుంది, ఎత్తు 1.200. మూడు పదాలకు 30° దగ్గర 0.5 + 0.333 + 0.1 = 0.933 వస్తుంది. దాన్ని 4/π తో గుణిస్తే 1.188. ఇంతవరకూ తగ్గుతూనే ఉంది. కానీ పది పదాలకు 1.1798, వందకు 1.1790. ఇక ఎన్ని కలిపినా 1.17898 కన్నా కిందికి దిగదు. మెట్టు మొత్తం ఎత్తు 2 కాబట్టి, దాటిపోయింది అందులో దాదాపు 9 శాతం.

ఎందుకు దిగదు? కొన దగ్గర ఒక్కో పదంలోని కోణం ఎంతో చూడండి. మూడు పదాలప్పుడు అవి 30°, 90°, 150°. వంద పదాలప్పుడు 0.9°, 2.7°, 4.5°, అలా 179.1° దాకా. పదాలెన్నున్నా కోణాలు 0 నుంచి 180 లోపే సమానంగా పరుచుకుంటాయి, ఆ మేర సైన్ ఎప్పుడూ ధనాత్మకమే. అంటే కొన దగ్గర కిందికి లాగే పదం ఒక్కటీ లేదు, అన్నీ పైకే తోస్తాయి. పదాలు పెరిగితే అదే మొత్తాన్ని ఇంకా సన్నటి ముక్కలుగా కోసి కూడుతున్నామంతే. ఆ కూడిక చివరికి (sin t)/t కింద 0 నుంచి π వరకు ఉన్న వైశాల్యంగా, అంటే 1.8519గా మారుతుంది. దాన్ని 2/π తో గుణిస్తే మన 1.17898 వచ్చేస్తుంది.

మరి శ్రేణి స్క్వేర్ వేవ్‌కే చేరుతుందన్న మాట అబద్ధమా? కాదు. 30° దగ్గరే కదలకుండా నిలబడి చూడండి. మూడు పదాలకు అక్కడ 1.188. నాలుగో పదం కోణం 210°, దాని సైన్ రుణాత్మకం, కాబట్టి విలువ 1.097కి దిగుతుంది. ఐదో పదంతో 0.956, ఆరో దానితో 0.898. ఆ తర్వాత మళ్లీ లేచి, పైకీ కిందికీ ఊగుతూ, ఊపు తగ్గుతూ 1 దగ్గర స్థిరపడుతుంది. మెట్టు నుంచి ఎంత దగ్గరి బిందువు తీసుకున్నా కొమ్ము ఏదో ఒకనాడు దాన్ని దాటి మెట్టు వైపు జరిగిపోతుంది. కొమ్ము సన్నబడుతుంది, జరుగుతుంది, ఎత్తు మాత్రం వదులుకోదు. ప్రతి బిందువూ విడివిడిగా గమ్యం చేరుతుంది, అన్నీ ఒకేసారి మాత్రం చేరవు. నాకు ఈ లెక్క మొత్తంలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

1848లోనే హెన్రీ విల్‌బ్రహామ్ దీన్ని రాసిపెట్టాడు, ఎవరూ పట్టించుకోలేదు. యాభై ఏళ్ల తర్వాత అమెరికా శాస్త్రవేత్త గిబ్స్ 'నేచర్' పత్రికకు రాసిన లేఖల వల్ల అది మళ్లీ వెలుగులోకి వచ్చింది. మొదటి లేఖలో ఆయన కూడా కొమ్మును గమనించలేదు, 1899లో రెండో లేఖ రాసి సరిదిద్దుకున్నాడు. పేరు మాత్రం గిబ్స్ దృగ్విషయంగా స్థిరపడింది.

కొమ్మును అణచే దారి ఉంది. పదాలను ఉన్నట్టుండి తెంచేయకుండా, చివరి పదాల బలాన్ని క్రమంగా తగ్గించాలి. ఫేయేర్ పద్ధతిలో మన మూడు పదాలను వరుసగా 5/6, 3/6, 1/6 తో గుణిస్తాం. అప్పుడు గీత ఎక్కడా 1ని దాటదు. అయితే 30° దగ్గర 1.188కి బదులు 0.764 మాత్రమే వస్తుంది. కొమ్ము పోయింది, దానితోపాటు మెట్టు పదునూ పోయింది.

ఎమ్మారై స్కాన్‌లో ఈ బేరం రోజూ ఎదురవుతుంది. యంత్రం కొలిచేది చిత్రాన్ని కాదు, దాని ఫూరియే పదాలను, అదీ పరిమిత సంఖ్యలోనే. అందుకే వెన్నుపాము, దాని చుట్టూ ఉన్న ద్రవం కలిసే పదునైన అంచు పక్కన సమాంతరంగా చారలు పడతాయి. ఒక్కోసారి అలాంటి చార వెన్నుపాము మధ్యలో పడి, లోపల నీరు చేరిన గుల్లలా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఆ దిశలో ఎక్కువ పదాలు కొలిచి మళ్లీ తీస్తారు. చారలైతే సన్నబడి అంచు వైపు జరుగుతాయి. నిజమైన గుల్లయితే ఉన్నచోటే ఉంటుంది.