ఉక్కపోత ఊళ్ళలో నడుముకు ఏ పరుపు: దూదిదా, మెమరీ ఫోమ్‌దా?

మెమరీ ఫోమ్ పరుపును చాలామంది ఏసీ షోరూంలో పడుకుని చూసి కొంటారు. అక్కడ గది 23, 24 డిగ్రీల దగ్గర ఉంటుంది, గాలిలో తేమ తక్కువ. చేత్తో నొక్కితే పరుపు నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేస్తుంది, నడుముకు హాయిగా అనిపిస్తుంది. అదే పరుపును కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఏసీ లేని పడకగదిలో వేస్తే, మే నెల రాత్రి 30 డిగ్రీల ఉక్కలో అది అంతకంటే మెత్తగా ఉంటుంది. అమ్మినవాళ్ళు మోసం చేయలేదు, ఆ పదార్థం గుణమే అది. పొద్దున లేవగానే నడుం కాస్త పట్టేసినట్టు ఉంటోందని పరుపు మార్చాలనుకునేవాళ్ళు, అందులోనూ సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు, డబ్బు పెట్టే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

మెమరీ ఫోమ్ పాలీయూరిథేన్‌లో ఒక రకం. 1966లో నాసా పని మీద విమాన సీట్ల కోసం చార్ల్స్ యోస్ట్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. మామూలు స్పాంజి చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇది అలా కాదు. దీనిలోని అణువుల గొలుసులు బిగుసుకుని ఉండే స్థితి నుంచి వదులై కదిలే స్థితికి మారే ఉష్ణోగ్రతను కావాలనే గది వేడికి దగ్గరగా పెడతారు. అందుకే ఒంటి వేడి తగిలిన చోట ఫోమ్ మెత్తబడి శరీరం ఆకారాన్ని పట్టుకుంటుంది, వేడి తగలని చోట గట్టిగానే ఉంటుంది. గది మొత్తం వేడిగా ఉంటే ఈ తేడా తగ్గిపోతుంది. దీనికి తోడు గాలిలోని తేమ కూడా ఆ గొలుసుల మధ్య పట్టును కొంత సడలిస్తుంది. రెండూ కలిసి పరుపును మరింత దిగేలా చేస్తాయి.

దిగడం ఎక్కడ జరుగుతుందన్నది నడుముకు ముఖ్యం. మనం పడుకున్నప్పుడు ఎక్కువ బరువు పడేది పిరుదుల దగ్గర. అక్కడ పరుపు ఎక్కువగా దిగితే, వెల్లకిలా పడుకున్న మనిషి నడుం కింది భాగం రాత్రంతా కాస్త వంగిన స్థితిలోనే ఉండిపోతుంది. పక్కకు తిరగాలంటే గుంటలోంచి పైకి రావాలి. నిద్రలో మనం చాలాసార్లు పక్కకు తిరుగుతాం. కండరాలకూ కీళ్ళకూ ఆ కదలిక అవసరం.

ఇక ఉక్క సంగతి. ఒంటికి ఫోమ్ ఎంత దగ్గరగా అతుక్కుంటే, వీపు కింద గాలికి చోటు అంత తగ్గుతుంది. ఫ్యాను గాలి పై నుంచే తగులుతుంది, వీపు కిందకు పోదు. పాలీయూరిథేన్ నీటిని దాదాపు పీల్చుకోదు, కాబట్టి చెమట దుప్పటిలోనే నిలిచిపోతుంది. ఫోమ్ పాడవకూడదని కొందరు వాటర్‌ప్రూఫ్ కవరు వేస్తారు. అప్పుడు ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. వేడికి మెలకువ వచ్చి సరిగా నిద్రపట్టని మనిషికి పొద్దున నడుం మరింత బాధగా అనిపించడం సహజమే.

దూది దీనికి పూర్తిగా భిన్నం. మామూలు గది వేడిలో, గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పత్తి తన పొడి బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా నీటిని తనలో ఉంచుకుంటుంది. ఒక మనిషి పడుకునే పరుపులో 8 కిలోల దూది ఉందనుకుందాం. అందులో అప్పటికే 700 గ్రాములకు దగ్గరగా నీరు ఉంటుంది, అయినా ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. తేమ 90 శాతానికి పెరిగితే ఆ నీరు కిలో దాటుతుంది. అంటే ముసురు పట్టిన రాత్రి కూడా వీపు కింది చెమటను తీసుకోవడానికి దూదిలో కొంత చోటు మిగిలే ఉంటుంది. ఉక్కపోత ఊళ్ళలో దూది పరుపు మీద నిద్ర హాయిగా ఉంటుందని పెద్దవాళ్ళు అనేది వట్టి అలవాటు కొద్దీ కాదు.

కానీ దూది బలహీనత కూడా ఈ నీటిలోనే ఉంది. పత్తి పోగులో సెల్యులోజ్ గొలుసులను పట్టి ఉంచే బంధాలు తేమ తగిలితే వదులవుతాయి, ఆరేటప్పుడు అప్పుడున్న ఆకారంలోనే మళ్ళీ బిగుసుకుంటాయి. నూలు చొక్కా మీద నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే మడత నిలబడేది ఇందుకే. పరుపులోనూ రోజూ జరిగేది ఇదే. చెమట, బరువు, తర్వాత ఆరడం, మళ్ళీ చెమట. పిరుదుల కింది దూది కొంచెం కొంచెంగా అణిగి, గడ్డకట్టి, అక్కడ గుంట పడుతుంది. అందుకే దూది ఒకటే అయినా ఉక్కపోత ఊళ్ళో అది తొందరగా అణిగిపోతుంది. నా ఉద్దేశంలో, దూది పరుపు వల్ల నడుం నొప్పి అని చెప్పేవాళ్ళలో చాలామందిని బాధపెట్టేది దూది కాదు, ఏళ్ళ తరబడి ఏకించని దూది.

బూరుగు దూది పరుపుల విషయం వేరు. ఆ పోగు లోపల బోలుగా, పైన మైనంలాంటి పూతతో ఉంటుంది, కాబట్టి తేలిగ్గా ఉండి నీటిని త్వరగా పట్టదు. అయితే అది పెళుసు. బరువు కింద విరిగి పొడిపొడి అవుతుంది. దిండుకు బాగుంటుంది గానీ, పట్టేసిన నడుముకు మందపాటి బూరుగు పరుపు మరీ మెత్తన.

అయితే నడుముకు ఎంత గట్టి పరుపు కావాలి? నేల మీద చాప వేసుకుని పడుకోమనే సలహా మన ఇళ్ళల్లో చాలా మామూలు. 2003లో స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో కొవాక్స్ బృందం దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపులు, మధ్యస్థంగా గట్టి పరుపులు పంచి, 90 రోజుల తర్వాత చూసింది. మధ్యస్థంగా గట్టి పరుపుల మీద పడుకున్నవాళ్ళకే మంచం మీద ఉన్నప్పుడూ లేచేటప్పుడూ నొప్పి ఎక్కువ తగ్గింది. ఆ పరీక్ష గట్టిదనాన్నే పోల్చింది, దూదికీ ఫోమ్‌కూ పోటీ పెట్టలేదు. కాబట్టి దాని నుంచి మనం తీసుకోగలిగింది గట్టిదనం గురించిన మాటే. భుజం, తుంటి కాస్త దిగాలి, నడుం వేలాడకూడదు, గుంట ఉండకూడదు. పరుపు పేరులో ‘ఆర్థో’ అని ఉన్నంత మాత్రాన ఈ గుణం ఉందని అనుకోలేం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకినాడలో 70 కిలోల బరువున్న మనిషి, వయసు నలభై పైన. చెక్క మంచం మీద నాలుగు అంగుళాల దూది పరుపు, ఐదారేళ్ళుగా ఏకించలేదు. ఏసీ లేదు. పొద్దున లేచాక పావుగంట సేపు నడుం బిగుసుకుని ఉంటుంది, స్నానం చేసేసరికి సర్దుకుంటుంది.

ముందు చేయాల్సిన పని గుంటను కొలవడం. దుప్పటి తీసేసి, తిన్నటి పొడుగు కర్రను పరుపుకు అడ్డంగా, పిరుదులు ఆనే చోట పెట్టాలి. కర్రకూ పరుపుకూ మధ్య సందును స్కేలుతో చూడాలి. రెండున్నర సెంటీమీటర్లు దాటితే గుంట బాగా పడినట్టే లెక్క. ఇక్కడ మూడున్నర వచ్చిందనుకుందాం. తలవైపును కాళ్ళవైపుకు మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ పిరుదులు ఆనేది దాదాపు పరుపు మధ్యలోనే, కాబట్టి అలా తిప్పినా గుంట మళ్ళీ అక్కడికే వస్తుంది. దానికి బదులు, పాత దుప్పటిని మడతపెట్టి పరుపు కింద సరిగ్గా గుంట ఉన్న చోట పెట్టి ఒక వారం పడుకోవాలి. రోజూ లేచాక నడుం ఎన్ని నిమిషాలకు సర్దుకుందో కాగితం మీద రాసుకోవాలి. పదిహేను నిమిషాలు ఐదారుకు దిగితే దోషం గుంటదే. ఏమీ మారకపోతే కొత్త పరుపు కొన్నా ఫలితం అనుమానమే.

గుంటదే దోషమైతే నేను మొదట చెప్పేది కొనమని కాదు, ఏకించమని. పరుపు విప్పి, దూదిని బాగా ఎండబెట్టి, మిషను మీద ఏకిస్తే గడ్డలు విడిపోతాయి. పొట్టి పోగులు, దుమ్ము రాలిపోతాయి. రాలిన దానికి సరిపడా కిలో రెండు కిలోలు కొత్త దూది కలపాలి. టాకాలు దగ్గరదగ్గరగా వేయించుకోవాలి, ఎందుకంటే దూది పక్కలకు జరగకుండా పట్టి ఉంచేవి అవే. మొదట్లో పరుపు ఉబ్బుగా ఉండి, కొన్ని వారాల్లో దిగి కుదురుకుంటుంది. ఈ పని వానలు రాకముందే, ఎండలు ఉండగా చేయించాలి. ఆ తర్వాత ఎండ కాసినప్పుడల్లా రెండు వైపులా ఆరబెట్టాలి. వానాకాలంలో అది కుదరదు కాబట్టి కనీసం లేచిన వెంటనే పక్క సర్దేయకుండా, దుప్పటి తీసి గంటసేపు ఫ్యాను కింద వదిలేయాలి. రాత్రి పీల్చిన నీటిని దూది తిరిగి ఇచ్చేది అప్పుడే.

మంచాన్ని కూడా ఒకసారి చూడండి. నులక, నవారు వదులైన మంచం మీద ఎంత మంచి పరుపు వేసినా అది మంచంతో పాటే దిగుతుంది.

మెమరీ ఫోమ్ తగినవాళ్ళు లేకపోలేదు. రాత్రంతా ఏసీ 25, 26 డిగ్రీల దగ్గర నడిచే గదిలో వేడి, తేమ రెండూ అదుపులో ఉంటాయి. పక్కకు తిరిగి పడుకుంటే భుజం, తుంటి నొక్కుకుపోయే సన్నటి మనిషికి అక్కడ అది బాగా పనిచేస్తుంది. అప్పుడు కూడా మొత్తం మెమరీ ఫోమ్ పరుపు కాకుండా, గట్టి ఫోమ్ మీదో కొబ్బరిపీచు పరుపు మీదో రెండు అంగుళాల మెమరీ ఫోమ్ పొర ఉన్నది మేలు. ఎంత వేడికి మెత్తబడినా ఆ రెండు అంగుళాలకు మించి దిగదు, కింద గట్టిది ఆపుతుంది. కొనేటప్పుడు ఫోమ్ సాంద్రత అడగాలి. ఘనపు మీటరుకు 50 కిలోలు, ఆపైన ఉన్నవి సాధారణంగా ఎక్కువకాలం ఆకారం నిలుపుకుంటాయి. మూసిన ప్లైవుడ్ మీద కంటే సందులున్న చెక్క పట్టెల మీద వేయాలి. కింద గాలి ఆడకపోతే అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది. నెలకోసారి పరుపు ఎత్తి అడుగు చూస్తే నల్లటి చుక్కలు, ముక్కిన వాసన ముందే దొరుకుతాయి.

పొద్దుటి బిగుతు అంతా పరుపు వల్లే రాదు. వెన్నుపూసల మధ్య డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం సెంటీమీటరున్నర దాకా పొడుగు ఉండేది అందుకే. ఆ ఉబ్బులో చాలా భాగం లేచిన మొదటి గంటలోనే తగ్గుతుంది. ఉబ్బిన డిస్కుతో ముందుకు వంగితే దాని మీద ఒత్తిడి ఎక్కువ. పొద్దున్నే వంగడం మానితే నడుం నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో ఒక అధ్యయనం చూపింది. లేవగానే నడుం వంచి ముగ్గు వేసేవాళ్ళు, బకెట్లు ఎత్తేవాళ్ళు ఆ పనిని గంట వెనక్కి జరిపి చూడొచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

ఇదంతా కాసేపట్లో సర్దుకునే తేలికపాటి బిగుతు గురించి. బిగుతు అరగంట దాటి ఉంటున్నా, విశ్రాంతితో తగ్గకుండా నడిస్తేనే తగ్గుతున్నా, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తున్నా, అదీ నలభై ఏళ్ళ లోపు మొదలై మూడు నెలలు దాటినా అది కీళ్ళవాపు జబ్బు కావచ్చు. దానికి రుమటాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. కాలిలోకి తిమ్మిరి, బలహీనత దిగుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. దాంతో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.