సీ, డీ బ్లాకులకు నోటీసు ఎందుకు వెళ్లలేదు?

మధురవాడ అపార్ట్‌మెంట్ల సంఘంలో సర్వసభ్య సమావేశం గొడవ సద్దుమణిగిందనుకుంటే, ఈ వారం మళ్లీ రాజుకుంది. లిఫ్టుల మరమ్మతు కోసం ఒక్కో ఫ్లాటుకు వేసిన వాటా కట్టేది లేదని సీ, డీ బ్లాకుల యజమానులు రాసిచ్చేశారు. గడువులోగా తమకు నోటీసే రాలేదు కాబట్టి ఆ సమావేశం చెల్లదని, అందులో చేసిన తీర్మానమూ చెల్లదని వాళ్ల వాదన. సమావేశంలో ఎవరు ఏమన్నారో ఇప్పటికే అందరూ చెప్పుకున్నారు. సరిగ్గా చెప్పుకోనిది అంతకుముందు రోజుల్లో సంఘం మెయిల్ ఖాతాలో జరిగిన సంగతి. గొడవంతా అక్కడే పుట్టింది.

ముందు ఈ సంఘంలో మెయిల్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకో చెప్పాలి. విశాఖలో ఫ్లాటు కొనుక్కున్న వాళ్లందరూ విశాఖలోనే ఉండరు. నేవీలో పనిచేసేవాళ్లు కొచ్చికో ముంబైకో బదిలీ అవుతారు, ఫ్లాటు అద్దెకిచ్చి వెళ్తారు. పిల్లల దగ్గర ఉందామని హైదరాబాదు, అమెరికా వెళ్లిన పెద్దవాళ్లూ ఉన్నారు. లిఫ్టు పక్కన బోర్డుకు అంటించిన కాగితం వీళ్లెవరి కంటా పడదు. అందుకే నోటీసు పోస్టులోగానీ మెయిల్‌లోగానీ పంపాలని బైలాల్లో రాసుకున్నారు. మూడు వందల ఫ్లాట్లకు పోస్టు ఖర్చు ఎందుకని ఒక ఉచిత జీమెయిల్ ఖాతా తెరిచి, ఏళ్లుగా దానితోనే నడిపిస్తున్నారు.

నాలుగు బ్లాకులు, బ్లాకుకు 75 ఫ్లాట్లు. నోటీసు పంపాల్సిన చివరి రోజు ఒకటో తారీఖు పడింది. ఆ రోజు ఉదయం పది, పదకొండు గంటల మధ్య ట్రెజరర్ గారు ఆఫీసు కంప్యూటర్‌లోని అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నుంచి మెయింటెనెన్స్ బిల్లులు పంపారు. ఫ్లాటుకు ఒక మెయిల్ చొప్పున 300 మెయిళ్లు. ఆ సాఫ్ట్‌వేర్‌కు సొంత మెయిల్ అంటూ ఏమీ లేదు. యాప్ పాస్‌వర్డ్ పెట్టుకుని సంఘం జీమెయిల్ ఖాతా నుంచే పంపుతుంది. ఈ సంగతి సెక్రటరీ గారికి తెలియదు. ఆయన సాయంత్రం ఆరింటికి ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి, బీసీసీలో బ్లాకు మొత్తం చిరునామాలు పెట్టి నోటీసు పంపడం మొదలుపెట్టారు. ఏ, బీ బ్లాకులకు వెళ్లింది. సీ బ్లాకుది పంపబోతే తెరమీద ఇది వచ్చింది:

```
You have reached a limit for sending mail. Your message was not sent.
```

లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. ఉదయం బిల్లులు 300, ఏ బ్లాకు 75, బీ బ్లాకు 75, మొత్తం 450. సీ బ్లాకు 75 కలిస్తే 525. ఉచిత ఖాతాకు గూగుల్ పెట్టిన పరిమితి 500. ఒకే మెయిల్ 500 మందికి మించి పంపినా, ఒక రోజులో 500 మెయిళ్లు దాటినా ఆపేస్తామని కంపెనీ సహాయ పేజీలో ఉంటుంది. బీసీసీలో 75 మందిని పెడితే అది ఒక్క మెయిలే కదా అని సెక్రటరీ గారు అనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ మెయిల్ సర్వర్ ప్రతి గ్రహీతనూ విడిగా నమోదు చేసుకుంటుంది. బీసీసీ పని పేర్లు ఒకరికొకరికి కనబడకుండా దాచడం వరకే, దానివల్ల లెక్క తగ్గదు. అందుకని ఒక్కో చిరునామాను ఒక్కో మెయిల్‌గా లెక్కేసుకోవడమే క్షేమం.

ఆయన కంగారుపడి సీ బ్లాకుది మళ్లీ పంపారు, వెళ్లలేదు. ప్రెసిడెంటు గారికి ఒక్కరికే పంపి చూశారు, అదీ వెళ్లలేదు. ఒకసారి గేటు పడ్డాక మిగిలిన 50 వాడుకుందామంటే కుదరలేదు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికీ అదే మాట కనిపించింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక సీ, డీ రెండూ వెళ్లాయి. ఈ రోజువారీ లెక్క అర్ధరాత్రి సున్నాకు వచ్చేది కాదు. గడిచిన 24 గంటల్లో ఎన్ని వెళ్లాయన్నది చూస్తారు. ముందురోజు పదకొండు లోపు వెళ్లిన బిల్లులు ఆ 24 గంటల్లోంచి జారిపోయాకే దారి తెరుచుకుంది. కంపెనీ కూడా 1 నుంచి 24 గంటల్లో మళ్లీ పంపుకోవచ్చనే చెబుతుంది, ఫలానా గంటకని చెప్పదు. ఈలోగా బైలాల గడువు దాటింది. సెక్రటరీ గారిని వ్యతిరేకించే వాళ్లలో ఎక్కువమంది ఉండేది సీ, డీ బ్లాకుల్లోనే కావడంతో, కావాలనే ఆపారన్న మాట పుట్టింది.

అసలు పంపేవాడి చేతికి ఈ పగ్గం ఎప్పుడు పడింది? నా లెక్కలో మలుపు 2003. మెయిల్ పంపే పద్ధతిని 1982లో రాసుకున్నప్పుడు పంపేవాడు ఎవరు, రోజుకు ఎన్ని పంపుతున్నాడు అని అడిగే ఏర్పాటే అందులో లేదు. చెత్త మెయిళ్లు పెరిగాక కూడా చాలాకాలం వడపోత అందుకునే వైపే సాగింది. 2003 మార్చిలో మైక్రోసాఫ్ట్ హాట్‌మెయిల్ ఖాతాలకు 24 గంటల్లో 100 మెయిళ్లే అని గీత గీసింది. ఉచిత ఖాతాలు గుట్టలుగా తెరిచి వాటిలోంచి చెత్త కుమ్మరిస్తున్నవాళ్లను ఆపడానికి అది చేసిన పని. ఆ ఆలోచనలో ఒక కఠినమైన సంగతి ఉంది. పంపేవాడు మంచివాడా, చెడ్డవాడా అన్న విచారణ ఉండదు, సంఖ్య ఒక్కటే చూస్తారు. మరుసటి ఏడాది వచ్చిన జీమెయిల్ నడిచేదీ ఆ దారిలోనే. మధురవాడ సెక్రటరీ గారు ఏ తప్పుడు పనీ చేయకుండానే ఆగిపోవడానికి కారణం అదే.

మన దగ్గర ఎస్ఎంఎస్‌లకూ ఇలాంటి పరిమితి వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిమ్‌కు రోజుకు 100 అని పెట్టి, తర్వాత 200 చేసింది. 2012లో ఢిల్లీ హైకోర్టు సొంత సందేశాల విషయంలో దాన్ని కొట్టేసింది. ఇప్పుడు సీ బ్లాకులో ఒకరు ఆ తీర్పును చూపించి, మెయిల్ పరిమితి కూడా చెల్లదంటున్నారు. ఎస్ఎంఎస్ పరిమితి నియంత్రణ సంస్థ ఆదేశం. మెయిల్‌ది ఉచితంగా ఇచ్చే సేవకు కంపెనీ పెట్టుకున్న షరతు, ఖాతా తెరిచినప్పుడు మనం ఒప్పుకున్నదే. ఇంకొకరు పరిమితి 500 కాదు, 5,000 అంటున్నారు. ఆ సంఖ్య 2024 ఫిబ్రవరిలో వచ్చిన వేరే నిబంధనలోది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే సంస్థలు తమ డొమైన్‌కు ఏయే ధ్రువీకరణలు పెట్టుకోవాలో చెప్పే నిబంధన అది. ఉచిత ఖాతా నుంచి ఎన్ని పంపవచ్చన్నదానితో దానికి సంబంధం లేదు.

కావాలనే ఆపారన్న ఆరోపణ దగ్గరికి వస్తే, ఖాతాను చూసినవాళ్లకు అనుమానం మిగలదు. సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లిన బిల్లులు కూడా సెంట్ ఫోల్డర్‌లో నమోదై ఉన్నాయి. వాటి పైన ఏ, బీ నోటీసులు ఆరు గంటల సమయంతో ఉన్నాయి. సీ, డీ నోటీసులు మర్నాడు మధ్యాహ్నం సమయంతో ఉన్నాయి. ఆపాలనుకున్నవాడు మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ ప్రయత్నించడు. సీ, డీ వాళ్ల మాటలో మాత్రం ఒక న్యాయం ఉంది. ఆ సాయంత్రమే వాట్సాప్‌లో ఒక్క మాట పెట్టి, మెయిల్ వెళ్లడం లేదని చెప్పి ఉండాల్సింది. అది జరగలేదు.

ఇలాంటి మాట తెరమీద కనిపించినప్పుడు మొదట చూడాల్సింది ఏ కోటా నిండిందన్నది, ఎందుకంటే ఒకే పదంతో వేరువేరు జబ్బులు వస్తాయి. సాఫ్ట్‌వేర్ నుంచి పంపేవాళ్లకు కనిపించేవి ఇలా ఉంటాయి:

```
550 5.4.5 Daily user sending limit exceeded
452 4.2.2 The email account that you tried to reach is over quota
```

మొదటిది మన రోజు పరిమితి. రెండోది అవతలివాళ్ల పెట్టె నిండిపోయిందని అర్థం, మనం ఎన్నాళ్లు ఆగినా వాళ్లు ఖాళీ చేసుకుంటే తప్ప వెళ్లదు. ఇవి కాక మన ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీ నిండినా పంపడం ఆగిపోతుంది. అప్పుడు పాత ఫొటోలు, పెద్ద అటాచ్‌మెంట్లు తీసేయాలి.

రోజు పరిమితే అయితే మళ్లీ మళ్లీ నొక్కడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎవరెవరికి వెళ్లిందో సెంట్ ఫోల్డర్ చూసి రాసుకోవాలి, వెళ్లనిది డ్రాఫ్ట్‌గా దాచాలి, ఆ ఖాతా వాడే సాఫ్ట్‌వేర్లన్నీ ఆపి ఒక రోజు ఆగాలి. ఆ రోజు మనం అన్ని మెయిళ్లు పంపనేలేదని తేలితే సంగతి వేరు, ఖాతా ఎవరి చేతిలోనో పడి ఉండొచ్చు. అప్పుడు కంప్యూటర్‌లో ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు ఉండే `Details` నొక్కితే ఈమధ్య ఎక్కడెక్కడి నుంచి తెరిచారో కనిపిస్తుంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి, తెలియని ఫార్వర్డింగ్ పెట్టి ఉందేమో సెట్టింగ్స్‌లో చూడాలి.

గేటు పడిందని ఇంకో ఉచిత ఖాతా తెరిచి అందులోంచి పంపేద్దామని సంఘంలో కొందరన్నారు. కొత్త ఖాతా నుంచి తొలిరోజే వందల మెయిళ్లు వెళ్తే అవి స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ, పైగా ఆ ఖాతాకే ఎసరు రావచ్చు. ఋషికొండ ఐటీ కంపెనీలో పనిచేసే డీ బ్లాకు కుర్రాడు గూగుల్ షీట్‌లో స్క్రిప్టు రాసిస్తానన్నాడు. ఉచిత ఖాతాలో స్క్రిప్టు ద్వారా రోజుకు 100 మంది గ్రహీతలకే పంపగలం. మూడు వందల ఫ్లాట్లకు మూడు రోజులు పడుతుంది.

ఇప్పుడు కమిటీ ముందున్నది గూగుల్ గ్రూప్ పెట్టడం. సభ్యులందరూ అందులో చేరితే సెక్రటరీ గారు గ్రూప్ చిరునామాకు ఒక్క మెయిల్ పంపితే చాలు, ఆయన ఖాతా లెక్కలో అది ఒక్క చిరునామానే. చేరమని పంపిన ఆహ్వానాన్ని ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి కాబట్టి, పెద్దవాళ్ల దగ్గర అది వారాలు పట్టే పని. అప్పటిదాకా బిల్లులు ఒకటిన, నోటీసులు ఆ తర్వాత రెండు రోజులు వదిలి, గడువుకు కనీసం నాలుగు రోజుల ముందే పంపాలని ట్రెజరర్, సెక్రటరీ ఇద్దరూ రాసుకున్నారు. లిఫ్టుల తీర్మానాన్ని మాత్రం కొత్త నోటీసుతో మళ్లీ సమావేశం ముందు పెట్టాలా అన్నది తేలలేదు. బైలాల్లో గడువు పంపిన రోజు నుంచా, అందిన రోజు నుంచా అన్నది రాసి లేదు.